నాలుగంగుళాల తేలిక గోడ: గోదావరి డెల్టాలో ఏఏసీ బ్లాకుల లెక్క

గోదావరి జిల్లాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇటుకలకు ఏనాడూ కరువు రాలేదు. ఏరు తెచ్చిపోసిన ఒండ్రుమట్టి ఉంది, ఊరి చివర బట్టీ ఉంది, కాల్చడానికి రైసు మిల్లుల ఊక ఉంది. అలాంటి చోటికి కూడా తెల్లటి బూడిద రంగు దిమ్మెలు లారీలెక్కి వస్తున్నాయి. రాజమండ్రి, భీమవరం, కాకినాడల్లో అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోట్ల గదుల మధ్య అడ్డుగోడలకు వీటిని వాడటం మామూలైపోయింది. ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్ అనే పూర్తి పేరు ఎవరూ పలకరు. మేస్త్రీలకు అవి ఏఏసీ బ్లాకులు, ఇంటివాళ్లకు లైట్ వెయిట్ ఇటుకలు.

అమ్మేవాళ్లు మూడు మాటలు చెబుతారు: ఇల్లు చల్లగా ఉంటుంది, బరువు తక్కువ, గోడ త్వరగా లేస్తుంది. కట్టిన తాపీ మేస్త్రిని అడిగితే వేరే మూడు మాటలు వినిపిస్తాయి: పగుళ్లిస్తుంది, మేకు నిలవదు, తడిస్తే ఆరదు. ఈ ఆరు మాటల్లో అబద్ధమంటూ ఏదీ లేదు. ఏ మాట ఏ గోడకు వర్తిస్తుందో చూడకుండా అన్నిటినీ అన్ని గోడలకూ అంటగట్టడంతోనే గొడవంతా వస్తోంది. ఇక్కడ అడ్డుగోడ వరకే చూద్దాం.

ముందు ఈ దిమ్మె ఎలా తయారవుతుందో తెలియాలి. తర్వాత వచ్చే మంచీ చెడూ అక్కడి నుంచే పుడతాయి. థర్మల్ కేంద్రపు బూడిద, సిమెంటు, సున్నం, కాస్త జిప్సం నీళ్లతో జావలా కలిపి, చివర్న చిటికెడు అల్యూమినియం పొడి వేస్తారు. సున్నంతో ఆ పొడి కలవగానే హైడ్రోజన్ వాయువు పుట్టి, జావంతా బుడగలు బుడగలుగా పొంగుతుంది. కొంచెం గట్టిపడగానే తీగలతో దిమ్మెలుగా కోసి, ఆటోక్లేవ్ అనే పెద్ద ఉక్కు గొట్టంలోకి తోస్తారు. అక్కడ దాదాపు 180 నుంచి 190 డిగ్రీల ఆవిరిలో, 10-12 రెట్ల వాతావరణ పీడనంలో పది పన్నెండు గంటలు ఉడుకుతాయి. ఆ ఉడుకులోనే బూడిదలోని సిలికా, సున్నం కలిసి గట్టి స్ఫటికాలుగా మారతాయి. స్వీడన్ ఆర్కిటెక్టు యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ 1920ల్లో కనిపెట్టిన పద్ధతి ఇది. కలపకు, బొగ్గుకు కరువున్న దేశంలో చలిని ఆపే గోడ కావాలని వెతుకుతుంటే దొరికింది. మన దేశంలో ఈ దిమ్మెల నాణ్యతకు ఐఎస్ 2185 మూడో భాగం (1984), కట్టే పద్ధతికి ఐఎస్ 6041 (1985) ప్రమాణాలు.

బూడిదకు ఇక్కడ లోటు లేదు. రాజమండ్రికి ఒక పక్క ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం, మరో పక్క పరవాడలో సింహాద్రి కేంద్రం ఉన్నాయి. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల మట్టి ఇటుకల్లో బూడిద కలపాలని కేంద్ర పర్యావరణ శాఖ 1999లో ఉత్తర్వు ఇచ్చింది. మొదట 50 కిలోమీటర్ల వరకే ఉన్న ఆ పరిధి తర్వాత 100కు, 2016లో 300 కిలోమీటర్లకు పెరిగింది. ఆ గీత గీస్తే డెల్టా మొత్తం లోపలే పడుతుంది.

కొనే ముందు ఒక జాగ్రత్త. సీఎల్‌సీ అనే ఇంకో రకం దిమ్మె ఉంది. అదీ బూడిద రంగే, అదీ తేలికే. సిమెంటు, బూడిద కలిపిన జావలోకి సబ్బు నురగ లాంటిది కలిపి అచ్చుల్లో పోసి, మామూలుగా నీళ్లతో క్యూరింగ్ చేస్తారు. ఆవిరిలో ఉడకదు కాబట్టి ఆరేటప్పుడు ఎక్కువగా ముడుచుకుంటుంది. దానికి ప్రమాణం కూడా వేరే, ఐఎస్ 2185 నాలుగో భాగం. చాలా దుకాణాల్లో రెండింటినీ లైట్ వెయిట్ ఇటుకలనే ఒకే పేరుతో అమ్ముతారు. ఏఏసీ దిమ్మె ముఖం మీద తీగ కోసిన సన్నని గీతలుంటాయి, అంచులు కత్తిరించినట్టు ఉంటాయి. సీఎల్‌సీ ముఖం అచ్చులోంచి తీసిన నునుపుతో ఉంటుంది, విరిచి చూస్తే గుండ్రటి పెద్ద బుడగలు కనిపిస్తాయి. అనుమానం తీరకపోతే కాటా మీద పెట్టండి. రెండడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల ఎత్తు, నాలుగంగుళాల మందం ఉన్న దిమ్మె అంటే సరిగ్గా 12 లీటర్ల ఘనపరిమాణం. 551-650 సాంద్రత గ్రేడు దిమ్మె పూర్తిగా ఆరితే ఎనిమిది కిలోలు దాటకూడదు. ఫ్యాక్టరీ చెమ్మతో వచ్చినప్పుడు పది దాకా తూగవచ్చు. ఎండలో వారం ఉన్నాక కూడా పదకొండు, పన్నెండు తూగితే అది మీరు అడిగిన సరుకు కాదు.

ఇక బరువు సంగతి. ఈ ప్రాంతంలో ఏఏసీకి ఉన్న అసలు బలం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

రాజమండ్రిలో మేడ మీద 14 అడుగుల వెడల్పున్న హాలు ఉందనుకోండి. కొడుక్కి పెళ్లయింది, హాలును రెండు చేయాలి. శ్లాబు కింద ఆ వరసలో బీము లేదు. గోడ ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు, మూడడుగుల తలుపు ఒకటి. తలుపు పోను గోడ విస్తీర్ణం పదిన్నర చదరపు మీటర్లకు కాస్త తక్కువ. ఎర్ర ఇటుకతో నాలుగున్నర అంగుళాల గోడ కట్టి రెండు పక్కలా ప్లాస్టరింగ్ చేస్తే చదరపు మీటరుకు 265 కిలోల పైమాటే. మొత్తం గోడ 2,700 కిలోలు దాటుతుంది. అదే గోడను నాలుగంగుళాల ఏఏసీతో కట్టి, రెండు పక్కలా పది మిల్లీమీటర్ల పూత వేస్తే, దిమ్మెలోని చెమ్మను కూడా కలుపుకుని, చదరపు మీటరుకు 115 కిలోలు. మొత్తం 1,200 కిలోలు. తేడా టన్నున్నర.

ఈ తేడా ఇంజినీరుకు ఎందుకు పట్టాలో ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. అడ్డుగోడ ఎక్కడొస్తుందో ముందు తెలియని శ్లాబును, గోడ మీటరు పొడవుకు ఎంత తూగుతుందో అందులో మూడో వంతు బరువు ప్రతి చదరపు మీటరు మీదా పరిచినట్టు లెక్కించి డిజైన్ చేయొచ్చు. అది వంద కిలోలకు తగ్గకూడదు. ఈ వెసులుబాటు తేలిక గోడలకు మాత్రమే: గోడ చదరపు మీటరుకు 150 కిలోలు, మీటరు పొడవుకు 400 కిలోలు దాటరాదు. మన ఏఏసీ గోడ చదరపు మీటరుకు 115, మీటరు పొడవుకు 335 కిలోల దగ్గర ఉంటుంది. రెండు హద్దుల్లోనూ ఇముడుతుంది. ఇటుక గోడ 265, మీటరు పొడవుకు 770. రెండూ దాటేస్తుంది. అంటే ప్రమాణం దృష్టిలో నాలుగున్నర ఇటుక గోడ తేలిక గోడే కాదు, దాని కింద బీము ఉండాలి. డెల్టా ఊళ్లలో ఎన్ని మేడల మీద బీము లేకుండా ఇటుక గోడలు లేచాయో, వాటి కింద శ్లాబు మధ్యలో జుట్టు పగుళ్లు ఎందుకొచ్చాయో ఈ రెండు అంకెలు చెబుతాయి. ఏఏసీ అయినంత మాత్రాన అడగకుండా కట్టేయమని కాదు. పాత శ్లాబును ఆ అదనపు బరువు కలిపి డిజైన్ చేశారో లేదో ఇంజినీరు చూడాల్సిందే. ఈ రెండింటిలో ఆయన సరే అనగలిగే అవకాశం ఉన్న గోడ మాత్రం ఇదొక్కటే.

పునాది విషయంలో రెండు గోదావరులు ఒకటి కావు. రాజమండ్రి ఉత్తరపు మెరకలో భూగర్భ శాస్త్రవేత్తలు ఊరి పేరుతోనే పిలిచే రాజమండ్రి ఇసుకరాయి, గరుసు నేల తగులుతాయి. ధవళేశ్వరం దాటి దిగువకు వెళ్తే అమలాపురం, పాలకొల్లు, భీమవరం అంతా మెత్తని నల్ల బంకమట్టి, కాలువ నీటితో ఎప్పుడూ నానుతూ ఉంటుంది. అక్కడ నాలుగంతస్తులకే పైల్స్ వేయక తప్పని స్థలాలు చాలా ఉన్నాయి. కొత్తగా కట్టే అపార్ట్‌మెంటులో గోడలన్నీ ఏఏసీ అని మొదటే తేల్చుకుంటే పిల్లర్లలో, బీముల్లో, పైల్స్‌లో ఆదా కనిపిస్తుంది. ఇటుకకు డిజైన్ చేసి కట్టేటప్పుడు ఏఏసీకి మారితే ఆ ఆదా ఎవరి జేబులోకీ రాదు, భవనానికి కొంత నిశ్చింత మాత్రం మిగులుతుంది.

చల్లదనం మాట మీదే ఎక్కువ వ్యాపారం నడుస్తోంది, ఎక్కువ అపోహా అక్కడే ఉంది. ఏఏసీ వేడిని తక్కువగా పోనిస్తుందన్నది నిజమే. 551-650 గ్రేడు ఆరిన దిమ్మెకు ఉష్ణవాహకత 0.24కు మించరాదని ప్రమాణం అంటుంది. ఎర్ర ఇటుకకు అది మూడు రెట్ల పైన ఉంటుంది. కానీ గోడ వేడిని ఆపాలంటే దాని రెండు పక్కలా వేడిలో తేడా ఉండాలి కదా. హాలుకూ పడకగదికీ మధ్య, రెండు చోట్లా ఫ్యానే తిరుగుతుంటే, తేడా ఎక్కడిది? అక్కడ దిమ్మె ఏదైనా ఒకటే.

ఒక గదికి ఏసీ ఉందనుకుందాం. లోపల 26 డిగ్రీలు, హాల్లో 33. మధ్య గోడ పదడుగులకు పదడుగులు. ప్లాస్టరింగ్ కలిపి నాలుగున్నర ఇటుక గోడ గుండా లోపలికి వచ్చే వేడి దాదాపు 150 వాట్లు. నాలుగంగుళాల ఏఏసీ అయితే 90 వాట్ల చిల్లర. టన్నున్నర ఏసీ గదిలోంచి 5,200 వాట్లకు పైగా వేడిని లాగుతుంది. అంటే మిగిలేది నూటికి ఒక వంతు. అదే కొలతల పడమటి బయటి గోడ చూడండి. మే నెల సాయంత్రం ఎండ నేరుగా కొట్టే ఆ గోడ బయటి ముఖం ఏసీ గదికంటే 30 డిగ్రీలు వేడెక్కవచ్చు. అది తొమ్మిదంగుళాల ఇటుకైతే, నిలకడ లెక్కలో, 550 వాట్ల పైన లోపలికి వస్తుంది. ఎనిమిదంగుళాల ఏఏసీ దాన్ని సగానికి పైగా కోస్తుంది. ఇటుక గోడ వేడిని దాచుకుని రాత్రి పొద్దుపోయాక వదులుతుంది కాబట్టి, మన ఉక్క రాత్రుల్లో ఆ తేడా పడుకున్నవాడికి ఇంకా బాగా తెలుస్తుంది.

ఇళ్లకు ఇంధన పొదుపు నిబంధనలు చెప్పే ఎకో నివాస్ సంహిత (2018) కూడా వేడి లెక్క బయటి గోడలు, కిటికీలు, పైకప్పుకే కడుతుంది. గదుల మధ్య గోడకు ఆ లెక్కలో చోటు లేదు. కాబట్టి చల్లదనం కోసం ఏఏసీ కొనేవాళ్లు డబ్బు తక్కువుంటే ముందు పడమటి గోడకు, తర్వాత దక్షిణపు గోడకు పెట్టాలి. అడ్డుగోడల్లో ఒక్క చోట ఫలితముంటుంది: ఎండకు కాగే మెట్ల గదికీ ఏసీ గదికీ మధ్య.

చప్పుడు విషయంలో తేలికదనమే ఎదురు తిరుగుతుంది. గోడ ఎంత బరువైతే శబ్దాన్ని అంత బాగా ఆపుతుంది. నాలుగంగుళాల ఏఏసీ గోడ అవతల టీవీ సీరియల్లో ఎవరు ఎవర్ని తిడుతున్నారో ఇవతలికి వినబడుతుంది. రెండు ఫ్లాట్ల మధ్య గోడకు ఇది చాలదు, అక్కడ ఎనిమిదంగుళాలు కావాలి.

ఇప్పుడు మేస్త్రీల ఫిర్యాదుల దగ్గరకు వద్దాం. పగుళ్లలో చాలావరకు దిమ్మెవి కావు, ఇటుక పని అలవాటువి.

ఎర్ర ఇటుకను కట్టే ముందు నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే మాలులోని నీరంతా పీల్చేస్తుంది. తరాలుగా చేతికి పట్టిన ఆ అలవాటుతో మేస్త్రి ఏఏసీ దిమ్మెనూ తొట్టిలో ముంచుతాడు. గోడ లేచాక వారం రోజులు పైపుతో నీళ్లు కొట్టిస్తాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికే దిమ్మెలో దాని బరువులో మూడో వంతు దాకా చెమ్మ ఉంటుంది. ఆరే కొద్దీ అది ముడుచుకుంటుంది. మంచి గ్రేడు దిమ్మె ముడుచుకోవడం నూటికి 0.05కు మించకూడదన్నది ప్రమాణం. పద్నాలుగు అడుగుల గోడకు అది రెండు మిల్లీమీటర్లు. చూడ్డానికి కొంచెమే, కానీ రెండు పిల్లర్ల మధ్య బిగిసిన గోడకు ఆ రెండు మిల్లీమీటర్లు ఎక్కడో ఒక చోట నోరు తెరవాలి. నానబెట్టిన దిమ్మెలతో కట్టి, పైన నీళ్లు కొట్టి, ఆరకముందే ప్లాస్టరింగ్ చేస్తే ముడుచుకోవడమంతా పూత కిందే జరుగుతుంది. వానాకాలంలో టార్పాలిన్ లేకుండా సైటులో పడేసిన దిమ్మెలదీ ఇదే కథ. చెక్కల మీద పేర్చి, పైన కప్పి, వీలైతే రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. కట్టే ముందు దుమ్ము దులిపి, తడి బ్రష్షుతో ఒకసారి రాస్తే చాలు.

దిమ్మెల్ని అతికే మాలు రెండు రకాలు. ఒకటి బస్తాల్లో వచ్చే పాలిమర్ కలిపిన పొడి. నీళ్లు పోసి మిషన్‌తో కలిపి, పళ్లున్న తాపీతో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పరుస్తారు. కలిపిన మాలు గంటన్నరలో వాడేయాలి. గట్టిపడుతుంటే మళ్లీ నీళ్లు పోసి తిప్పకూడదు. రెండోది సిమెంటు, ఇసుక మాలు, పది పన్నెండు మిల్లీమీటర్లు. మొదటి వరస మాత్రం ఎవరైనా ఆరుకొకటి సిమెంటు మాలు మీదే పెట్టాలి. శ్లాబు మట్టం ఎక్కడా సమంగా ఉండదు, సన్నని అతుకు ఆ ఎత్తుపల్లాలు సరిచేయలేదు. స్పిరిట్ లెవెల్ పెట్టి ఆ ఒక్క వరసకు పూటంతా పట్టినా నష్టం లేదు. అది వంకరైతే పై వరసలన్నీ వంకరే, ఆ వంకర దాచడానికి మందపాటి ప్లాస్టరింగ్, దానితో మళ్లీ పగుళ్లు.

సిమెంటు మాలుతోనే అంతా కట్టాల్సి వస్తే దాన్ని గట్టిగా చేయకండి. నాలుగుకొకటి కలిపిన మాలు దిమ్మెకంటే బలంగా ఉంటుంది. కదలిక వచ్చినప్పుడు అతుకు నిలబడి దిమ్మె చీలుతుంది. ఆరుకొకటి, కుదిరితే సున్నం కలిపి, మెత్తగా ఉండటమే మేలు. అలా చేస్తే చీలినా అతుకు దగ్గరే సన్నగా చీలుతుంది, పూడ్చుకోవచ్చు.

మన హాలు గోడకు లెక్క వేస్తే, విరిగేవి కలుపుకుని 92 దిమ్మెలు, 40 కిలోల అతుకు పొడి బస్తా ఒకటి సరిపోవాలి, రెండోది దగ్గర ఉంచుకోవాలి. దిమ్మెలు ఇద్దరు మనుషులు ఒక రోజులో పేర్చేయగలరు. ఈ వేగంలోనే ఒక తప్పు దొర్లుతుంది. కింద అతుకు పరిచి, దిమ్మెల పక్క పక్కల నిలువు అతుకు వదిలేస్తారు. బయట నుంచి కనబడదు, ప్లాస్టరింగ్ దాచేస్తుంది. గోడ కట్టేటప్పుడు అవతల లైటు పెట్టి ఇవతల నుంచి చూడండి. నిలువు సందుల్లోంచి వెలుతురు కనిపిస్తే అక్కడే ఆపించండి.

నాలుగంగుళాల గోడ సన్నటిది కాబట్టి ఒంటరిగా పైకి పోకూడదు. నాలుగైదు అడుగుల ఎత్తుకొకసారి రెండు 8 మిల్లీమీటర్ల ఊచలతో మూడు నాలుగు అంగుళాల కాంక్రీటు పట్టీ వేయాలి. తలుపు పక్కన అదే కాంక్రీటుతో సన్నటి నిలువు పట్టీ ఉండాలి. పిల్లరుకు ఆనే చోట రెండు వరసలకొకసారి గాల్వనైజ్డ్ ఇనుప పట్టీని పిల్లరుకు బిగించి దిమ్మె మీదికి వంచాలి. పైన శ్లాబుకు గోడకు మధ్య అర అంగుళం ఖాళీ వదిలి, ఆలస్యంగా, మెత్తని ఫోమ్‌తో నింపాలి. మేస్త్రి ఆ ఖాళీలో సిమెంటు మాలు కుక్కి బిగిస్తాడు. అప్పుడు శ్లాబు కాస్త కిందికి వంగినా దాని బరువు గోడ నెత్తిన పడుతుంది.

గోడ పగిలాక కూడా పగులు ఆకారాన్ని బట్టి ఏ పని తప్పిందో చెప్పవచ్చు. పిల్లరు అంచున నిలువుగా తిన్నగా దిగితే ఇనుప పట్టీ లేదు, లేదా ప్లాస్టరింగ్ కింద చికెన్ మెష్ వేయలేదు. శ్లాబు కిందే అడ్డంగా పారితే పైఖాళీ బిగించేశారు. దిమ్మెల అంచుల వెంట మెట్లు మెట్లుగా దిగితే తడి దిమ్మెలు ఆరుతూ ముడుచుకున్నాయి, లేదా నిలువు అతుకులు ఖాళీ. పూత మీద సాలెగూడులా చిన్న గీతలు అల్లుకుంటే, వేలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే, సిమెంటు ఎక్కువ పెట్టి మందంగా పూశారు. తలుపు పై మూల నుంచి ఏటవాలుగా వెళ్తే లింటల్ గోడలోకి చాలినంత దిగలేదు.

ప్లాస్టరింగ్ పది పన్నెండు మిల్లీమీటర్లు దాటకూడదు. రెండు అంగుళాల పూత పూసి వంకర సరిచేసే గోడ ఇది కాదు.

ఇక గాడి, మేకు సంగతి. ఏఏసీ గోడను ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వడ్రంగి ముగ్గురూ కలిసి బలహీనపరుస్తారు, ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు.

పైపుల కోసం గాడి కొట్టే లోతుకు ఇటుక, దిమ్మె కట్టుబళ్ల ప్రమాణం ఐఎస్ 1905 హద్దు పెట్టింది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డగాడి ఆరో వంతు మించరాదు. ఇది బరువు మోసే గోడలకు చెప్పినదైనా అడ్డుగోడకూ మంచి కొలతే. నాలుగంగుళాల గోడలో నిలువుగా 33 మిల్లీమీటర్లు, అడ్డంగా 17. నిలువుగా ఒక కరెంటు పైపు పడుతుంది. అడ్డంగా ఏ పైపూ పట్టదు. కాబట్టి అడ్డంగా పోవాల్సిన వైర్లన్నీ శ్లాబులోనో, నేల కిందో పోవాలి, గోడలో కిందికి దిగడమో పైకి ఎక్కడమో మాత్రమే ఉండాలి. గాడి కటింగ్ మిషన్‌తో రెండు గీతలు కోసి తీయాలి, ఉలి పెట్టి సుత్తితో కొడితే వెనకవైపు దిమ్మె రాలిపోతుంది. స్విచ్ బోర్డు పెట్టె లోతు దాదాపు రెండంగుళాలు. హాలు వైపు ఒకటి, సరిగ్గా దాని వెనక పడకగది వైపు ఒకటి పెడితే గోడ మొత్తం ఖాళీ అయి, రెండు పెట్టెల మధ్య పూత మాత్రం మిగులుతుంది. కనీసం ఒక దిమ్మె పొడవు పక్కకు జరపండి. బాత్రూమ్ గోడలో పైపులు, మిక్సర్ లోపలికి పోతాయి కాబట్టి అక్కడ నాలుగంగుళాలు వద్దు, ఆరు పెట్టండి.

తగిలించే బరువుల దగ్గర మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు పనికిరాదు. అది ఇటుకలో ఉబ్బి బిగుసుకుంటుంది. ఏఏసీలో చుట్టూ ఉన్న బుడగలు నలిగిపోతాయి కాబట్టి అది రోజురోజుకీ వదులవుతుంది. ఉక్కు యాంకర్ బోల్టు ఇంకా చెడ్డది, బిగించే కొద్దీ దిమ్మెను చీలుస్తుంది. ఈ దిమ్మె కోసమే మర చుట్టలున్న నైలాన్ ప్లగ్గులు, పొడవాటి ఫ్రేమ్ ఫిక్సింగులు, రంధ్రంలో రసాయన జిగురు నింపి బిగించే కడ్డీలు దొరుకుతాయి. రంధ్రం డ్రిల్ దెబ్బ మోడ్‌లో వేయకూడదు, తిప్పుడు మోడ్‌లోనే వేయాలి. దెబ్బతో వేస్తే రంధ్రం గరాటులా వెడల్పవుతుంది.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎంత ముందుకు వచ్చి వేలాడుతుందో కూడా చూడాలి. వంటింట్లో అడుగు లోతున్న పై అల్మారా, గిన్నెలతో కలిపి 80 కిలోలు అనుకుందాం. బరువు మధ్య బిందువు గోడకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అల్మారా ఎత్తు 60 సెంటీమీటర్లయితే, పై స్క్రూలను గోడలోంచి బయటికి లాగే బలం మొత్తం కలిపి 20 కిలోలు. నాలుగు నైలాన్ ప్లగ్గులు పంచుకుంటే సులభం. అదే అడుగు లోతు చెక్క బల్లను 15 సెంటీమీటర్ల ఎత్తున్న రెండు ఇనుప బ్రాకెట్ల మీద పెట్టి, పైన ఆవకాయ జాడీలు వరస కట్టి మొత్తం 60 కిలోలు చేస్తే, ఒక్కో పై స్క్రూను 30 కిలోల బలం లాగుతుంది. వచ్చే వేసవికి బ్రాకెట్ పైన గోడలో నలుసులు రాలడం మొదలవుతుంది. బరువు తక్కువైనా పడిపోయేది ఇదే. బ్రాకెట్ నిలువు కాలు పొడవు పెంచితే లాగుడు అంతకంత తగ్గుతుంది.

టీవీకి, ఏసీ లోపలి యూనిట్‌కు నైలాన్ ప్లగ్గులు చాలు. నీళ్లతో కలిపి 40 కిలోల దాకా తూగే గీజర్‌కు, గోడకు తగిలించే వాష్ బేసిన్‌కు రసాయన జిగురు కడ్డీలో, గోడ అవతలికి పోయి ఇనుప ప్లేటుతో బిగిసే బోల్టులో కావాలి. వణికే ఏసీ బయటి యూనిట్‌ను ఈ గోడకు పెట్టనేకూడదు, దాని చోటు శ్లాబు మీదో బీము మీదో. అన్నిటికంటే తేలిక దారి, అలాంటి బరువు వచ్చే చోట ముందే ఒకటి రెండు దిమ్మెల బదులు కాంక్రీటు దిమ్మె పెట్టడమే. గుమ్మాల దగ్గర ఇది తప్పదు. టేకు తలుపు దభాలున పడ్డ ప్రతిసారీ హోల్డ్‌ఫాస్ట్ గోడను కొడుతుంది. మూడు హోల్డ్‌ఫాస్టులూ కాంక్రీటులో ఉండాలి.

తడి విషయం క్లుప్తంగా. ఏఏసీ నీళ్లు పీలిస్తే ఆరడానికి చాలా సమయం పడుతుంది. కోనసీమ లంకల్లో, 1986లోనూ 2022లోనూ గోదావరి చూపించినట్టు, నీరు ఇంట్లోకి రావడం అనూహ్యమేమీ కాదు. అలాంటి ఇళ్ల కింది అంతస్తుకు ఎర్ర ఇటుక గానీ గట్టి కాంక్రీటు దిమ్మె గానీ మంచిది. వరద భయం లేని చోట కూడా నేల మీది మొదటి వరస గట్టి దిమ్మెతో, కింద చెమ్మ ఆపే పొరతో మొదలుపెట్టాలి. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు చెమ్మ పైకి ఎక్కితే పూత పెచ్చులుగా ఊడుతుంది.

ఇదంతా చూశాక నా తీర్పు ఇది. మేడ మీది అడ్డుగోడకు, మెత్తని నేల మీద కట్టే అపార్ట్‌మెంటుకు ఏఏసీయే సరైనది, దానికి కారణం బరువు. చల్లదనం కావాలంటే ముందు పడమటి గోడకు వాడండి. కింది అంతస్తులో ఒక్క గోడ కోసమైతే లారీ కిరాయి పెట్టి తెప్పించడం దండగ, పక్కనున్న బట్టీ ఇటుక చాలు. కట్టించేవాళ్లు ఒక్క పని చేయండి. మొదటి వరస పెట్టకముందే గీజరు, బేసిన్, పై అల్మారా, టీవీ, స్విచ్ బోర్డులు, తలుపు ఎక్కడొస్తాయో నేల మీద సుద్దతో గీయించి, కాంక్రీటు దిమ్మె పెట్టాల్సిన చోట్లు మేస్త్రికి చూపించండి. ప్లాస్టరింగ్‌కు ముందు గోడ రెండు పక్కలా టేపు పెట్టి ఫోటోలు తీసి దాచుకోండి. ఆ తర్వాత గోడకు డ్రిల్ పెట్టే ప్రతివాడూ ముందు ఆ ఫోటోలే అడుగుతాడు.